ప్యాన్, ల్యాన్, మ్యాన్, వ్యాన్: దూరం చూసి చెబితే సరిపోదా?

శ్రావ్య
నెట్‌వర్కింగ్ ఈమధ్యే మొదలుపెట్టాను. మొదటి పాఠంలోనే ఒక పట్టిక ఇచ్చారు. ప్యాన్ అంటే మనిషి చుట్టూ పది మీటర్లు, ల్యాన్ అంటే ఒక భవనం, మ్యాన్ అంటే ఒక నగరం, వ్యాన్ అంటే ఊళ్లూ దేశాలూ దాటినది. పట్టిక నోటికి వచ్చేసింది. అభ్యాసంలో మాత్రం ఇలా ఇచ్చారు: ఒక సంస్థకు ఒకే ఆవరణలో రెండు భవనాలున్నాయి, మధ్య దూరం 180 మీటర్లు. అదే నగరంలో 9 కిలోమీటర్ల అవతల ఒక గిడ్డంగి ఉంది. 1500 కిలోమీటర్ల దూరంలో వేరే నగరంలో ఒక శాఖ. ఉద్యోగులు బ్లూటూత్ హెడ్‌సెట్లు వాడతారు. ఏది ఏ రకం నెట్‌వర్కో చెప్పి కారణం రాయాలి.

నేను దూరాలు చూసి రాసేశాను. పేర్లు సరిగానే ఉన్నాయట, కారణం సరిపోలేదట. దూరం కాకపోతే ఇంకేం చూడాలి? దయచేసి మొదటి నుంచి చెప్పండి, నాకు ఏమీ తెలియదనే అనుకోండి.

ప్రవీణ్
ఇది చాలా సింపుల్ అండీ. మీ రూటర్ వెనక వైపు చూడండి. ఒక పోర్టు మీద WAN అని ఉంటుంది, మిగతా నాలుగింటి మీద LAN అని ఉంటుంది. LAN పోర్టుల్లో తీగ పెట్టి కలిపినవన్నీ ల్యాన్. WAN పోర్టుకు అవతల ఉన్నదంతా వ్యాన్. వైఫైకి తీగ ఉండదు కాబట్టి అది ల్యాన్ కిందకు రాదు, దాన్ని విడిగా రాయండి.

తీగల మాస్టారు
ప్రవీణ్ చెప్పినదాంట్లో ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. హద్దు రూటర్ దగ్గరే ఉంటుంది, అది నిజం. మిగతా రెండు మాటలు సరిచేయాలి. వైఫైతో కలిసిన ఫోనూ, తీగతో కలిసిన కంప్యూటరూ మామూలు రూటర్‌లో ఒకే ల్యాన్‌లో ఉంటాయి. రెండిటికీ ఒకే వరుస అడ్రసులు వస్తాయి, ఒకదాన్నొకటి నేరుగా చేరుకుంటాయి. మార్గం తీగా గాలా అన్నదాన్ని బట్టి రకం మారదు. ఇక WAN పోర్టు అన్న పేరు మీ ఇంటి వైపు నుంచి చూసి పెట్టినది. దాని అవతల వెంటనే వచ్చేది ఎక్కువగా సర్వీస్ ప్రొవైడర్ నగరంలో పరిచిన నెట్‌వర్కే. దేశాలు దాటే మార్గం ఆ తర్వాత మొదలవుతుంది.

శ్రావ్యా, నువ్వు అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ లింకు తెగిపోతే బాగుచేసే బాధ్యత ఎవరిది? మన చేతిలో ఉన్నదా, మనం అద్దెకు తీసుకున్నదా? ఈ ప్రశ్న వేసుకుంటే నీ అభ్యాసంలో నాలుగు సందర్భాలకూ కారణం దొరుకుతుంది. దూరం ఎందుకు ముఖ్యమో కూడా అప్పుడే తెలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ మధ్యలో వేరేవాళ్ల నేల, రోడ్లు, అనుమతులు వస్తాయి. సొంతంగా తీగ వేయడం కుదరదు, అద్దెకు తీసుకోక తప్పదు.

ముందు ఆ రెండు భవనాల సంగతి చూద్దాం. 180 మీటర్లు. ఆవరణ మొత్తం సంస్థదే కాబట్టి ఎవరినీ అడగకుండా గుంత తవ్వి తీగ వేసుకోవచ్చు. తెగితే వాళ్ల మనిషే అతుకుతాడు. కాబట్టి అది ల్యాన్. భవనాలు రెండైనా సరే ల్యాన్ ఒకటే కావచ్చు. కానీ ఇక్కడ టెక్నాలజీ మారాలి. మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్‌కు స్టాండర్డ్ ప్రకారం హద్దు 100 మీటర్లు. గోడలో వేసిన తీగా, రెండు చివర్ల ప్యాచ్ కార్డులూ అన్నీ కలిపి 100. 180 మీటర్లకు ఫైబర్ వేస్తారు. సింగిల్ మోడ్ ఫైబర్ మీద మామూలుగా దొరికే ఒక గిగాబిట్ మాడ్యూల్ పది కిలోమీటర్ల వరకు పనిచేస్తుంది, కాబట్టి ఈ దూరం దానికి లెక్కే కాదు.

హసీనా
మాస్టారూ, మీరు ఎలాగూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నా బ్లూటూత్ హెడ్‌సెట్ ఆఫీసులో మీటింగ్ మధ్యలో గరగరమంటుంది. ఇంట్లో బాగుంటుంది. అంటే ఆఫీసు ల్యాన్ పెద్దది కాబట్టి ప్యాన్‌ను తినేస్తోందా? ఏది ఎక్కువ పవర్ ఉన్న నెట్‌వర్క్ అన్నదే కదా ఇక్కడి ప్రశ్న?

తీగల మాస్టారు
ప్రశ్న పవర్ గురించి కాదు హసీనా గారూ, ఎవరి నెట్‌వర్క్ ఎక్కడితో ఆగుతుందన్నది. అయినా మీ అనుభవం ఈ చర్చకు పనికొస్తుంది, ఎందుకంటే మీ దగ్గర ప్యాన్‌కూ ల్యాన్‌కూ గాలిలో చోటు ఒకటే అయింది.

బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. పాత వైఫై ఎక్కువగా అక్కడే, కొత్త వైఫైలోనూ ఒక భాగం అక్కడే. ఆ బ్యాండ్ వాడటానికి లైసెన్స్ అక్కర్లేదు, అందుకే అందరూ అక్కడికే చేరారు. రద్దీగా ఉన్న ఛానెళ్లను వదిలేసి ఖాళీగా ఉన్నవాటికి గెంతే పద్ధతి బ్లూటూత్‌లో చాలాకాలంగా ఉంది. ఆఫీసులో మూడు నాలుగు వైఫైలు ఆ బ్యాండ్ మొత్తాన్ని ఆక్రమిస్తే గెంతడానికి చోటు మిగలదు.

ఇలా చూడండి. గరగర వస్తున్నప్పుడు ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి, లేదా తీగ పెట్టి వైఫై ఆపేయండి. ఆగిపోతే కారణం మీ ల్యాప్‌టాప్ వైఫైయే. ఆగకపోతే పక్కనున్నవాళ్ల వైఫై కావచ్చు. ఇంకో సంగతి, హెడ్‌సెట్ డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ ఏదైనా పెట్టారేమో చూడండి. ఆ కనెక్టర్లూ కేబుళ్లూ 2.4 దగ్గరే రొద వదులుతాయి. డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ మీద కొంచెం దూరంగా పెడితే తేడా తెలుస్తుంది.

శ్రావ్యా, హెడ్‌సెట్ ఎందుకు ప్యాన్ అంటే అది ఒక మనిషికి చెందినది. ఆ మనిషి ఫోను, ఆ మనిషి హెడ్‌సెట్, మధ్యలో తీగలన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె లేదు, అడ్మిన్ లేడు. ఆ మనిషి లేచి వెళ్లిపోతే నెట్‌వర్క్ కూడా వెంట వెళ్లిపోతుంది. పది మీటర్లు అన్నది మామూలుగా చేతిలో ఉండే పరికరాల లెక్క. బ్లూటూత్‌లోనే ఎక్కువ శక్తితో 100 మీటర్ల వరకు వెళ్లే రకమూ ఉంది. అంతదూరం వెళ్లినా దాన్ని ఎవరూ ల్యాన్ అనరు.

అనంత్
ల్యాన్ వరకు మాస్టారితో ఏకీభవిస్తాను. మ్యాన్ దగ్గరే నాకు పేచీ. ఇప్పుడు మ్యాన్ అనే రకం విడిగా ఉందా అసలు? ఒకప్పుడు నగరాల కోసం ప్రత్యేకమైన టెక్నాలజీలు ఉండేవి. ఐఈఈఈ వాళ్లు 802.6 అని ఒక స్టాండర్డ్ దీనికోసమే రాశారు, అది నిలబడలేదు. తర్వాత 802.16, అంటే వైమ్యాక్స్, వచ్చింది. దాన్నీ మొబైల్ నెట్‌వర్కులు దాటిపోయాయి. ఇప్పుడు ఆఫీసు గదిలో కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్నెట్టే నగరం కింద ఫైబర్‌లోనూ నడుస్తోంది. టెక్నాలజీ ఒకటే అయినప్పుడు మూడో పేరు ఎందుకు?

తీగల మాస్టారు
టెక్నాలజీ ఒకటైందన్నది నిజం. అందుకే టెక్నాలజీని బట్టి రకం చెప్పొద్దంటాను. కానీ గిడ్డంగి లింకును తీసుకుని చూడు, తేడా కనిపిస్తుంది.

9 కిలోమీటర్లు, మధ్యలో పబ్లిక్ రోడ్లు, ఎవరెవరివో స్థలాలు. ఆ సంస్థ సొంతంగా తవ్వడం కుదరదు. నగరంలో ఇప్పటికే ఫైబర్ పరిచిన సర్వీస్ ప్రొవైడర్‌ను అడుగుతుంది. వాళ్లు రెండు చోట్లా ఒక్కో పెట్టె పెట్టి, ఒక్కో ఈథర్నెట్ పోర్టు ఇస్తారు. ఆ రెండు పోర్టులకు మన స్విచ్చులు తగిలిస్తే గిడ్డంగి కంప్యూటర్ మన పక్క గదిలో ఉన్నట్టే కనిపిస్తుంది. పింగ్ కొడితే, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూస్తే, ఒకటి రెండు మిల్లీసెకన్లు. కంప్యూటర్‌కు అది ల్యానే. మనకు మాత్రం కాదు. రోడ్డు పనుల్లో ఆ ఫైబర్ తెగితే మనం చేయగలిగింది కంప్లయింట్ నంబర్ తీసుకోవడం ఒక్కటే. ఒప్పందంలో ఎన్ని గంటల్లో బాగుచేస్తామని రాశారో అప్పుడే తీసి చదువుతాం. స్థలం నగరమంత, సొంతదారు వేరేవాడు, లోపల నడిచేది ఈథర్నెట్. ఇదీ మ్యాన్.

పక్క గదిలా కనిపించడంలో ఒక ప్రమాదం ఉంది. గిడ్డంగిలో ఎవరో తెలియక ఒకే కేబుల్ రెండు చివర్లనూ ఒకే స్విచ్‌లో గుచ్చారనుకో. లూప్ ఏర్పడుతుంది. అందరికీ పంపే సందేశాలు ఆ లూప్‌లో ఆగకుండా తిరుగుతూ పెరిగిపోతాయి. స్విచ్‌లో లూప్‌ను ఆపే సెట్టింగ్ లేకపోతే ఆ వరద 9 కిలోమీటర్లు దాటి ప్రధాన కార్యాలయాన్నీ ముంచుతుంది. రెండు చోట్లా స్విచ్ లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా మిణుకుతుంటాయి, ఎవరికీ ఏదీ తెరుచుకోదు. అందుకే మ్యాన్ లింకు రెండు వైపులా రూటర్ పెట్టి, అక్కడికొకటి ఇక్కడికొకటి వేరువేరు అడ్రసుల వరుసలు ఇస్తారు. అప్పుడు గిడ్డంగి గొడవ గిడ్డంగిలోనే ఆగుతుంది.

ప్రవీణ్
మాస్టారూ, రెండు భవనాల మధ్య కూడా రాగి తీగే వేసి పనిచేస్తున్న చోటు నేను చూశాను. దాదాపు 140 మీటర్లు ఉంటుంది. లింక్ లైట్ వెలుగుతోంది. మరి 100 హద్దు అంటున్నారు?

తీగల మాస్టారు
101వ మీటరు దగ్గర గోడ ఏమీ ఉండదు ప్రవీణ్. 100 వరకు పనిచేస్తుందని స్టాండర్డ్ హామీ ఇస్తుంది, తర్వాత ఇవ్వదు, అంతే. లింక్ లైట్ వెలిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. ఆ స్విచ్ పోర్టు ఎంత వేగంతో కలిసిందో చూడు. 1000 ఎంబీపీఎస్ ఉండాల్సింది 100కో 10కో పడిపోయి ఉండొచ్చు. తర్వాత అదే పోర్టు లెక్కల్లో సీఆర్‌సీ ఎర్రర్లు చూడు. ఆ సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే ఫ్రేములు, అంటే తీగలో వెళ్లే డేటా ముక్కలు, దారిలో పాడవుతున్నట్టే.

భవనాల మధ్య రాగి వద్దనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. రెండు భవనాల ఎర్తింగ్ ఒకే స్థాయిలో ఉండకపోవచ్చు. దగ్గర్లో పిడుగు పడితే ఆ తేడా కాసేపు బాగా పెరిగి, కరెంటు రాగి తీగ గుండా స్విచ్చుల్లోకి వస్తుంది. లోపల లోహపు తొడుగు లేని ఫైబర్‌లో కరెంటు ప్రవహించదు. దూరం 60 మీటర్లే అయినా భవనానికీ భవనానికీ మధ్య నేను ఫైబరే వేస్తాను.

జోసెఫ్
నేను శ్రావ్య గారు చెప్పినలాంటి దూరపు శాఖలోనే పనిచేస్తున్నా. ప్రధాన కార్యాలయం సుమారు 1500 కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడి షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న అకౌంటింగ్ ప్రోగ్రామ్‌ను ఇక్కడి నుంచి తెరిస్తే నిమిషం పైనే పడుతుంది. అక్కడివాళ్లకు క్షణంలో వస్తుంది. లైన్ చిన్నదని 20 ఎంబీపీఎస్ నుంచి 100కు పెంచారు. ఒక్క సెకను కూడా తగ్గలేదు. నెలాఖరులో చాలా టెన్షన్‌గా ఉంటోంది. సర్వీస్ ప్రొవైడర్ తన వైపు తప్పేమీ లేదంటున్నాడు. నిజమేనా?

తీగల మాస్టారు
నిజమే అయుండొచ్చు జోసెఫ్ గారూ. శ్రావ్యా, ఇది జాగ్రత్తగా చదువు. వ్యాన్‌కూ ల్యాన్‌కూ అసలు తేడా నీకు ఇక్కడ తెలుస్తుంది.

ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. 1500 కిలోమీటర్లు వెళ్లడానికి 7.5 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి ఇంకో 7.5. అంటే 15 కన్నా తగ్గడం కుదరదు. ఫైబర్ మ్యాపులో గీసిన గీతలా తిన్నగా పోదు, రోడ్లూ రైలు పట్టాల వెంట మెలికలు తిరుగుతుంది, మధ్యలో ఎన్నో పరికరాలు దాటుతుంది. అందుకని అసలు లెక్క 30 దగ్గర ఉంటే ఆశ్చర్యపోను.

షేర్డ్ ఫోల్డర్‌లోని పాతకాలపు ప్రోగ్రామ్ ఫైలును ఒకేసారి తెచ్చుకోదు. చిన్న ముక్క అడుగుతుంది, జవాబు వచ్చాక ఇంకో ముక్క అడుగుతుంది. తెరుచుకోవడానికి అలాంటి ప్రశ్నలు 2000 ఉన్నాయనుకుందాం. ప్రధాన కార్యాలయంలో ఒక్కో జవాబుకు అర మిల్లీసెకను పడితే మొత్తం ఒక సెకను. మీ దగ్గర ఒక్కోదానికి 30 మిల్లీసెకన్లు, అంటే 60 సెకన్లు. లైన్‌ను 100 ఎంబీపీఎస్ చేశారు, కానీ ఒక్కో ముక్కా చిన్నది, ఇరవైలోనే సులువుగా పట్టేది. రోడ్డు వెడల్పు చేస్తే ఒకే బండి రెండువేల సార్లు వెళ్లిరావడం త్వరగా అవ్వదు కదా.

ముందు కొలవండి. ప్రధాన కార్యాలయం సర్వర్‌కు పింగ్ కొట్టి సగటు చూడండి. తర్వాత విండోస్‌లో ఈ కమాండ్ ఇవ్వండి, చివర్లో మీ సర్వర్ అడ్రస్ పెట్టండి. దారిలో ఒక్కో రూటర్ నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో ఇది వరుసగా చూపిస్తుంది. కింద నేను రాసినవి ఉదాహరణ కోసం పెట్టిన అడ్రసులు, అంకెలు.

```
tracert -d 198.51.100.20

1    1 ms    1 ms    1 ms   192.168.1.1
2    4 ms    3 ms    4 ms   100.64.0.1
3    5 ms    4 ms    5 ms   203.0.113.9
4   29 ms   28 ms   29 ms   203.0.113.130
5   30 ms   30 ms   29 ms   198.51.100.20
```

మొదటి వరుస మీ రూటర్, మీ ల్యాన్ అక్కడితో అయిపోయింది. రెండు, మూడు వరుసలు ప్రొవైడర్‌వి. మూడు నుంచి ఐదు మిల్లీసెకన్లలోనే జవాబు వస్తోంది కాబట్టి అవి మీ నగరంలోనో దగ్గర్లోనో ఉన్నాయి. మూడు నుంచి నాలుగుకు ఒక్కసారిగా 24 మిల్లీసెకన్లు పెరిగింది. దూరపు ప్రయాణం అక్కడ జరిగింది. సొంతం, నగరం, దూరం మూడూ ఒకే తెరమీద కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మధ్య రూటర్లు ఇలాంటి ప్రశ్నలకు తీరిక దొరికినప్పుడే జవాబిస్తాయి. మధ్యలో ఒక వరుసలో మాత్రం 80 వచ్చి, తర్వాతి వరుసల్లో మళ్లీ 30 ఉంటే అది లైన్ లోపం కాదు. అంకెల చోట * గుర్తులు వచ్చినా కంగారు పడక్కర్లేదు. మీ లైన్‌ను వీపీఎన్‌లాగానో ప్రైవేట్ లింకులాగానో ఇచ్చి ఉంటే మధ్య వరుసలు అసలు కనిపించకపోవచ్చు, నేరుగా రెండో వరుసలోనే 30 రావచ్చు. పెరిగిన సమయం చివరి వరుస దాకా నిలబడితేనే లెక్కలోకి తీసుకోండి.

జోసెఫ్
కొలిచాను. సగటు 34 మిల్లీసెకన్లు. ట్రేస్‌లో మీరన్నట్టే రెండో వరుసలోనే 33 వచ్చింది, మధ్యలో ఏమీ కనిపించలేదు. అయితే లైన్ ఇంకా పెంచమని అడగడం దండగేనా?

తీగల మాస్టారు
ఈ ప్రోగ్రామ్ కోసమైతే దండగే. పెద్ద ఫైళ్లు కాపీ చేయడానికీ వీడియో మీటింగులకూ 100 పనికొస్తుంది. అకౌంటింగ్ ప్రోగ్రామ్‌ను మాత్రం ప్రధాన కార్యాలయంలోని ఒక కంప్యూటర్ మీదే నడపమనండి. మీరు రిమోట్ డెస్క్‌టాప్‌తో దాని తెరను చూస్తూ పనిచేయండి. అప్పుడు ఆ రెండువేల ప్రశ్నలూ అక్కడి ల్యాన్‌లోనే తిరుగుతాయి, 1500 కిలోమీటర్లు దాటేది తెర బొమ్మా మీ కీబోర్డు నొక్కులే. 34 మిల్లీసెకన్ల ఆలస్యం టైపు చేసేటప్పుడు పెద్దగా తెలియదు.

శ్రావ్య
ఇప్పుడు ఇలా రాశాను, చూడండి.

హెడ్‌సెట్ ప్యాన్. ఒక మనిషిది, బ్లూటూత్, ఎవరి ప్రమేయమూ అక్కర్లేదు. రెండు భవనాలు ల్యాన్. నేలా తీగా సంస్థవే, 180 మీటర్లు కాబట్టి ఫైబర్ మీద ఈథర్నెట్. గిడ్డంగి మ్యాన్. నగరం లోపలే, కానీ ఫైబర్ ప్రొవైడర్‌ది, అద్దె ఈథర్నెట్, రెండు చివర్లా రూటర్లు. శాఖ వ్యాన్. వేరే నగరం, మధ్యలో ఒకరికన్నా ఎక్కువమంది ప్రొవైడర్లు ఉండొచ్చు, వెలుగు వేగం వల్లే కనీసం 15 మిల్లీసెకన్లు.

ఒక సందేహం మిగిలింది. రెండు భవనాల మధ్య పబ్లిక్ రోడ్డు ఉండి, సంస్థ రెండు డాబాల మీదా సొంత రేడియోలు పెట్టి కలుపుకుంటే అది ఏమవుతుంది? నేల వేరేవాళ్లది, పరికరాలు మనవి.

తీగల మాస్టారు
రాసినది బాగుంది. రేడియోల సంగతికొస్తే నా లెక్కలో అది ల్యానే. పాడైతే డాబా ఎక్కేది మన మనిషే.

అనంత్
నేను ఒప్పుకోను. లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్‌లో రేడియో పెడితే ఎదురుగా ఇంకెవరైనా అదే ఛానెల్‌లో రేడియో పెట్టొచ్చు, మన లింకు పడిపోతుంది, వాళ్లను ఆపమనే హక్కు మనకు లేదు. మధ్యలో కొత్త భవనం లేచినా అంతే. బాగుచేసే బాధ్యత మనదే, బాగుచేయగలిగే అధికారం మాత్రం మన చేతిలో లేదు. మాస్టారి ప్రశ్న ఇక్కడ రెండు ముక్కలవుతోంది. ఇలాంటిదాన్ని నేను చిన్న మ్యాన్ అనే అంటాను.

ప్రవీణ్
ఫోన్ హాట్‌స్పాట్ కూడా అలాంటిదే కదా? ఫోన్ ఒక మనిషిది, వెంటే తిరుగుతుంది, కానీ నడిచేది వైఫై. ఒక్క ల్యాప్‌టాప్ కలిపితే ప్యాన్ అనాలా, నలుగురు కలిస్తే ల్యాన్ అనాలా?

తీగల మాస్టారు
ఒక్కరే తన సొంత ల్యాప్‌టాప్ కలుపుకుంటే ప్యాన్ అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అంటాను. నలుగురు కలిశాక ఆ ఫోను చేసేది మామూలు రూటర్ పనే, అడ్రసులు ఇస్తుంది, అందరి ట్రాఫిక్ బయటికి పంపుతుంది. అప్పుడు ల్యాన్ అంటే తప్పు పట్టను. పరీక్షలో వస్తే మాత్రం ఏ కారణంతో ఆ పేరు పెట్టావో పక్కనే రాయి. అనంత్ వాదన మీద ఇంకా ఆలోచించాలి.

జోసెఫ్
మాస్టారూ, రిమోట్ డెస్క్‌టాప్‌తో ఒక కంప్యూటర్ మీద చేసి చూశాం. ప్రోగ్రామ్ మూడు సెకన్లలో తెరుచుకుంది. ఇప్పుడు బిల్లులు మా ప్రింటర్‌లో కాకుండా ప్రధాన కార్యాలయం ప్రింటర్‌లో వస్తున్నాయి.

తీగల మాస్టారు
కనెక్ట్ అయ్యే ముందు రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగుల్లో లోకల్ రిసోర్సెస్ అనే చోట ప్రింటర్ల గుర్తు పెట్టండి. మీ ప్రింటర్ అక్కడి జాబితాలో కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ కంప్యూటర్‌లో మీ ప్రింటర్ డ్రైవర్ వేయించండి.